ఒకే మెసేజ్‌కి నా ఫోన్‌లో ఒక టైమ్, డాలస్‌లో తమ్ముడి ఫోన్‌లో ఇంకో టైమ్ – స్క్రీన్‌షాట్లు చూసి ఇంట్లో గొడవ

సీతమ్మధార అక్క

అందరికీ నమస్కారమండి. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదివి తెలిసినవాళ్ళు చెప్పండి.

మాది వైజాగ్, సీతమ్మధార. నాన్న నా దగ్గరే ఉంటారు, తమ్ముడు డాలస్‌లో ఉంటాడు. 2025 మార్చి 8, శనివారం రాత్రి నాన్నకి ఛాతీలో నొప్పి వచ్చి ఒళ్ళంతా చెమటలు పట్టేశాయి, పక్కింటివాళ్ళ కారులో హాస్పిటల్‌కి తీసుకెళ్ళాం. కారులో కూర్చునే తమ్ముడికి వాట్సాప్ పెట్టాను, రాత్రి 9:20కి. అందరికీ మళ్ళీ మళ్ళీ టైప్ చేసే పరిస్థితి లేక అదే మెసేజ్ స్క్రీన్‌షాట్ తీసి మా ఫ్యామిలీ గ్రూప్‌లో పెట్టేశాను. తమ్ముడు వెంటనే రిప్లై ఇచ్చాడు, నా ఫోన్‌లో 9:28 అని ఉంది. "అక్కా డబ్బులు ఇప్పుడే పంపిస్తున్నా, డాక్టర్ గారి నంబర్ ఇవ్వు" అని.

తర్వాత వాడు మా పెదనాన్నగారబ్బాయికి తన రిప్లై వరకే కట్ చేసిన స్క్రీన్‌షాట్ ఒకటి పంపాడు, అక్కకి ఇలా చెప్పాను అన్నట్టు. అందులో పొద్దున్న 9:58 అని ఉంది, పైన టుడే అని ఉంది. ఇంక పెదనాన్న ఆ రెండు ఫొటోలూ పక్కపక్కన పెట్టి, రాత్రి తొమ్మిదింటికి తండ్రికి గుండెనొప్పి అంటే హాయిగా పడుకుని మర్నాడు పదింటికి రిప్లై ఇచ్చాడు చూడండి, పన్నెండున్నర గంటలు అని గ్రూప్‌లో రాశారు. అత్తలు, బాబాయిలు అందరూ వాణ్ణే అంటున్నారు.

దీనికి మించి ఇంకోటుంది. ఆదివారం పొద్దున్న యాంజియోగ్రామ్ చేసి స్టెంట్ వెయ్యాలన్నారు. 11:30కి తమ్ముడికి పెట్టాను, ఫోన్ కూడా చేశాను, ఎత్తలేదు. డాక్టర్లు ఆగమన్నా ఆగరు కాబట్టి సంతకం నేనే పెట్టేశాను. వాడి రిప్లై సాయంత్రం 5:10కి వచ్చింది, అంటే 5 గంటల 40 నిమిషాలు. ఈసారి కట్ చెయ్యకుండా నీ ఫోన్‌లోది పంపరా అంటే పంపాడు. అందులో నా మెసేజ్ రాత్రి 12:00, వాడి రిప్లై పొద్దున్న 6:40. లెక్కేస్తే 6 గంటల 40 నిమిషాలు! ఊరు మారితే టైమ్ మారుతుందని నాకూ తెలుసు, కానీ మధ్యలో గడిచిన గంటలెలా మారతాయండి? ఇప్పుడు పెదనాన్న, చూశారా లెక్క కుదరట్లేదు, అక్కాతమ్ముళ్ళలో ఎవరో ఫొటో మార్చారు అంటున్నారు. నేను మార్చలేదు, వాడికి ఆ అవసరం లేదు. మరి ఆ గంట ఎక్కడిది?

మర్రిపాలెం మావయ్య

అమ్మా ముందు నాన్నగారు ఎలా ఉన్నారో చెప్పు. ఇంక ఈ టైముల సంగతంటావా, ఇది చాలా ఈజీ. అమెరికాకీ మనకీ పన్నెండు గంటలు, మనకి రాత్రయితే వాళ్ళకి పగలు, ఏఎం తీసి పీఎం పెట్టుకోవడమే. మా పెద్దమ్మాయి హ్యూస్టన్ వెళ్ళినప్పట్నించీ నేను అలాగే చూసుకుంటున్నాను, ఎప్పుడూ ఇబ్బంది రాలేదు. ఇంకోటి, మీ తమ్ముడు వాట్సాప్‌కి ఏ నంబర్ వాడుతున్నాడు? ప్లస్ 91 నంబరైతే ఎక్కడున్నా ఇండియా టైమే చూపిస్తుంది. అమెరికా నంబర్ పెట్టుకుంటేనే ఈ తలనొప్పి. పాత నంబర్‌కి మారిపోమను, సరిపోతుంది.

కంచరపాలెం కుర్రోడు

అక్కా, మీ తమ్ముడ్ని బ్లూ టిక్కులు ఆపేసుకోమనండి, లాస్ట్ సీన్ కూడా. అప్పుడు ఎప్పుడు చూశాడో ఎవరికీ తెలీదు, గొడవే ఉండదు. నేను అలాగే చేశాను, మా ఇంట్లో ఇప్పుడు ఎవరూ అడగట్లేదు.

సీతమ్మధార అక్క

మావయ్యగారూ, నాన్న బానే ఉన్నారండి, స్టెంట్ వేశారు, ఇంటికి వచ్చేశారు. తమ్ముడు పాత 91 నంబరే వాడుతున్నాడు వాట్సాప్‌కి, అయినా వాడి స్క్రీన్‌షాట్‌లో అక్కడి టైమే ఉంది.

కంచరపాలెం తమ్ముడూ, వాడు చూశాడని తెలియడం నాకు కావాలి నాయనా, దాచడం కాదు.

రుషికొండ నైట్‌షిఫ్ట్

అక్కా, మీరు అడిగిన గంటకి సమాధానం ఉంది, ఎవరూ ఏమీ మార్చలేదు. నేను రుషికొండ ఐటీ హిల్ మీద అమెరికా క్లయింట్లకి రాత్రి షిఫ్ట్ సపోర్ట్ చేస్తాను. మార్చిలో ఒక ఆదివారం, నవంబర్‌లో ఒక ఆదివారం మాకు ఇదే పంచాయితీ, ఫలానా టికెట్‌కి లేటుగా జవాబిచ్చారని క్లయింట్ అంటాడు, లేదని మేము అంటాం. అందుకే మీ తేదీ చూడగానే అర్థమైపోయింది.

మొదటి గొడవ ముందు చూద్దాం. మెసేజ్ ఎప్పుడు వెళ్ళిందన్నది లోపల ఒకే ఒక్క లెక్కగా ఉంటుంది, ప్రపంచం మొత్తానికి ఒకటే, అందులో వైజాగ్ లేదు, డాలస్ లేదు. దాన్ని మీకు చూపించేటప్పుడు మీ ఫోన్ మన టైములోకి మార్చి రాస్తుంది, మీ తమ్ముడి ఫోన్ డాలస్ టైములోకి మార్చి రాస్తుంది. నంబర్ 91 అయినా ఇంకేదైనా దానికి పట్టదు, ఫోన్ సెట్టింగ్స్‌లో ఏ టైమ్ జోన్ ఉందో అదే చూస్తుంది. స్క్రీన్‌షాట్ తీశారంటే అలా రాసినది అక్కడికక్కడ గడ్డకట్టినట్టే. అది ఏ ఊరి టైమో ఆ ఫొటో మీద ఎక్కడా ఉండదు. అసలు తగాదా అంతా అక్కడ పుడుతోంది.

కాబట్టి ఒకే ఫోన్‌లో, ఒకే ఫొటోలో ప్రశ్నా జవాబూ రెండూ ఉంటే మధ్య గడిచిన టైమ్ కరెక్టే, ఆ ఫోన్ ఏ దేశంలో ఉన్నా సరే (ఒక్క సందర్భం తప్ప, దానికి వస్తాను). ప్రశ్న ఒక ఫోన్‌లోది, జవాబు ఇంకో ఫోన్‌లోది తెచ్చి పక్కపక్కన పెట్టి తీసివేత చేస్తే మాత్రం వచ్చే అంకెకి అర్థమే లేదు. మీ పెదనాన్నగారు చేసింది అదే. మార్చి 8న డాలస్ మనకంటే పదకొండున్నర గంటలు వెనకుంది. మీ 9:20 రాత్రి వాడికి అదే శనివారం పొద్దున్న 9:50. వాడు 9:58కి రిప్లై ఇచ్చాడు. ఎనిమిది నిమిషాలు. మీ ఫోన్‌లో 9:20, 9:28, వాడి ఫోన్‌లో 9:50, 9:58. వాడు పైన మీ మెసేజ్ కట్ చెయ్యకుండా పంపుంటే ఆ పన్నెండున్నర గంటలు పుట్టేవే కావు.

ఇప్పుడు రెండోది, ఆ ఎక్స్‌ట్రా గంట. 2025లో అమెరికాలో గడియారాలు ముందుకి జరిపింది సరిగ్గా మార్చి 9, ఆదివారం తెల్లవారుజామున. అక్కడ 2007 నుంచీ మార్చి రెండో ఆదివారం రాత్రి రెండయ్యేసరికి గడియారం ఏకంగా మూడుకి దూకుతుంది. రెండు నుంచి మూడు దాకా ఉండాల్సిన గంట ఆ రోజు ఆ ఊళ్ళో లేనే లేదు. మీ ప్రశ్న దూకక ముందు పడింది, వాడి జవాబు దూకిన తర్వాత పడింది. అందుకే వాడి ఫోన్‌లో 12:00 నుంచి 6:40 దాకా లెక్కేస్తే లేని గంట కూడా కలిసిపోయింది. ఊరు పేరు తీసేసి, ప్రపంచం మొత్తానికి ఒకటే అయిన యూటీసీ టైములో, మా ఆఫీసులో రాసుకునే పద్ధతిలో రాస్తే ఇలా ఉంటుంది:

```
2025-03-09 06:00 UTC   అక్క ప్రశ్న
2025-03-09 11:40 UTC   తమ్ముడి జవాబు
```

తీసేస్తే 5 గంటల 40 నిమిషాలు. మీ ఫోన్ చెప్పిందే నిజం, ఎందుకంటే మన దగ్గర గడియారాలు జరిపే పద్ధతి లేదు. ఒకే ఫోన్‌లో ఉన్నా లెక్క తప్పే సందర్భం అన్నాను కదా, ఇదే, ఆ దేశంలో గడియారం జరిపిన రాత్రి.

మావయ్యగారూ, ఏఎం పీఎం తిప్పడం మంచి అలవాటే కానీ సగమే. డాలస్, హ్యూస్టన్ వాళ్ళకి మన టైమ్ తిప్పాక చలికాలంలో ఇంకో అరగంట కలపాలి, ఎండాకాలంలో గంటన్నర కలపాలి. మన రాత్రి 9:20 తిప్పితే పొద్దున్న 9:20, అరగంట కలిపితే 9:50.

మర్రిపాలెం మావయ్య

ఆ అరగంటలు గంటన్నరలు ఫోన్లో మాట్లాడుకోడానికి అక్కర్లేదు బాబూ. మా అమ్మాయి నిద్ర లేచిందా లేదా తెలిస్తే చాలు నాకు. కానీ నంబర్‌ని బట్టి కాదన్న సంగతి మాత్రం నాకు తెలీదు, రేపు అమ్మాయినే అడుగుతాను.

సీతమ్మధార అక్క

నైట్‌షిఫ్ట్ గారూ, చదువుతుంటే ప్రాణం లేచొచ్చిందండి. ఎనిమిది నిమిషాలని నాకు తెలుసు, కానీ అందరికీ అర్థమయ్యేలా చెప్పడం రాక ఏడుపొచ్చేసింది. పెదనాన్నకి ఇదే చెప్పాను. ఆయన ఇంకో పాయింట్ తీశారు. వాడు పంపిన ఫొటో పెదనాన్నగారబ్బాయి ఫోన్‌లో ఈ పేరుతో సేవ్ అయింది:

```
IMG-20250309-WA0004.jpg
```

ఇందులో 0309 అని ఉంది, ఫొటోలో టుడే అని ఉంది, అంటే తొమ్మిదో తారీఖు పొద్దున్న 9:58కే కదా రిప్లై ఇచ్చింది అంటున్నారు. నాకేం చెప్పాలో తోచలేదు.

రుషికొండ నైట్‌షిఫ్ట్

పెదనాన్నగారు బాగానే పరిశీలించారు, నిజంగా. కానీ ఆ పేరు చాట్‌ది కాదక్కా. ఆండ్రాయిడ్‌లో వాట్సాప్‌లో వచ్చిన ఫొటోకి ఆ పేరు పెట్టేది అందుకున్న ఫోన్, తేదీ కూడా ఆ ఫోన్ ఉన్న ఊరి తేదీయే. తమ్ముడు మీ పెదనాన్నగారబ్బాయికి ఆ ఫొటో ఎప్పుడు పంపాడో అడగండి. డాలస్‌లో శనివారం మధ్యాహ్నం పన్నెండున్నర దాటాక ఎప్పుడు పంపినా మనకి అప్పటికే ఆదివారం వచ్చేసినట్టు, పేరులో 0309 పడి తీరుతుంది.

టుడే అన్న ముక్క ఇంకా మోసం చేస్తుంది. తేదీ రాయాల్సిన చోట టుడే, ఎస్టర్‌డే అని రాస్తారు, అది ఆ ఫోన్ పట్టుకున్నవాడికి ఆ క్షణంలో ఇవాళ. వాడు డాలస్‌లో శనివారం తీశాడు, వాడికి శనివారం టుడే. మీరు వైజాగ్‌లో ఆదివారం చూశారు, మీకు ఆదివారం టుడే. మూడు నెలల తర్వాత ఎవరైనా చూస్తే అప్పటికీ టుడే అనే ఉంటుంది. ఎవరికైనా చూపించడానికి స్క్రీన్‌షాట్ తీసేటప్పుడు ఒక వారం పది రోజులు ఆగి తీస్తే అక్కడ తేదీ వచ్చేస్తుంది, ఈ తిరకాసు ఉండదు.

సీతమ్మధార అక్క

అడిగానండి. డాలస్ టైములో శనివారం మధ్యాహ్నం ఒంటిగంటకి పంపాడట, అన్నయ్య ఫోన్‌లో అర్ధరాత్రి పన్నెండున్నరకి వచ్చినట్టుంది. సరిపోయింది!

గాజువాక షిప్పు వాళ్ళావిడ

మాది ఇంకో రకం బాధండి, ఇక్కడే అడుగుతున్నాను ఏమీ అనుకోకండి. మా ఆయన మర్చంట్ నేవీలో ఉంటారు. షిప్పు తూర్పుకో పడమరకో పోయేకొద్దీ వాళ్ళ షిప్పులో గడియారం రాత్రిళ్ళు ఒక గంట వెనక్కో ముందుకో జరుపుతారు, ఈ వారం ఒకటి వచ్చే వారం ఒకటి. నడిసముద్రంలో సిమ్ సిగ్నల్ ఉండదు కాబట్టి ఫోన్‌కి ఎక్కడున్నామో తెలీదు, పాత పోర్టు టైమే పట్టుకుని ఉంటుంది. షిప్పు వైఫై దొరికినప్పుడు ఆయన పంపిన స్క్రీన్‌షాట్లు చూస్తే నాకు ఏ రోజు ఏం జరిగిందో అర్థం కాదు. ఒకసారి డ్యూటీ టైముకి సరిపోవాలని ఫోన్‌లో గడియారాన్నే చేత్తో తిప్పేస్తే వాట్సాప్ తెరుచుకోలేదు, మీ ఫోన్ తేదీ సరిగ్గా లేదు అని వచ్చిందట. వాట్సాప్ పోయిందేమో అని కంగారుపడ్డారు. దీనికేం చెయ్యాలి?

రుషికొండ నైట్‌షిఫ్ట్

అక్కా, గడియారం తిప్పడం వేరు, టైమ్ జోన్ మార్చడం వేరు. గంట చేత్తో తిప్పితే ఫోన్ దృష్టిలో ప్రపంచం మొత్తానికి టైమ్ గంట జరిగిపోయినట్టు, అందుకే వాట్సాప్ ఒప్పుకోలేదు. టైమ్ జోన్ మారిస్తే లోపలి లెక్క అలాగే ఉంటుంది, రాసి చూపించే టైమే మారుతుంది. సెట్టింగ్స్‌లో డేట్ అండ్ టైమ్‌లోకి వెళ్ళి ఆటోమేటిక్ టైమ్ జోన్ ఆపి, షిప్పు టైముకి సరిపోయే జోన్ ఎంచుకోమనండి. గడియారాన్ని మాత్రం ముట్టుకోవద్దని చెప్పండి. షిప్పులో గంట జరిపినప్పుడల్లా జోన్ మళ్ళీ మార్చుకోవాల్సిందే, అది తప్పదు.

సీతమ్మధార అక్కకి కూడా ఇది పనికొస్తుంది. తమ్ముణ్ణి తన ఫోన్‌లో జోన్ కోల్‌కతాకి మార్చి అదే చాట్ తెరవమనండి. పాత మెసేజ్‌లన్నీ మన టైములోకి వచ్చేస్తాయి. 9:58 పొద్దున్న అన్నది 9:28 రాత్రి అయిపోతుంది, ఆదివారం రిప్లై 5:10 అయిపోతుంది, ఆ ఎక్స్‌ట్రా గంట కూడా పోతుంది. వీడియో కాల్‌లో పెదనాన్నగారి ఎదురుగానే చేయించండి. తర్వాత ఆటోమేటిక్ మళ్ళీ ఆన్ చెయ్యమనండి, లేకపోతే పొద్దున్న అలారం మోగాల్సిన టైముకి మోగదు.

పెదవాల్తేరు రిటైర్డ్

ఇప్పటిదాకా చదివాను. ఒక పెద్దవాడిగా మాట్లాడతాను. మీరే చెప్తున్నారు, సెట్టింగ్ మారిస్తే పాత మెసేజ్‌ల టైములన్నీ మారిపోతాయని. మరి అప్పుడు ఏ స్క్రీన్‌షాట్‌ని నమ్మాలి? ఆ పెదనాన్నగారి అనుమానంలో తప్పేముంది? పైగా 5 గంటల 40 నిమిషాలన్నది మీ లెక్క ప్రకారం కూడా నిజమే కదా. తండ్రి హాస్పిటల్‌లో ఉంటే కొడుకు ఫోన్ ఎత్తకపోవడం టైమ్ జోన్ తప్పా? నా ఇద్దరు పిల్లలూ బయటే ఉన్నారు, ఆ బాధ నాకు తెలుసు, అందుకే అడుగుతున్నాను.

న్యూజెర్సీ కోడలు

అంకుల్, నమస్తే. మీ బాధ అర్థమైంది కానీ ఆ కుర్రాడి వైపు కూడా ఒకసారి చూడండి. అక్కగారి మెసేజ్ వాడికి సరిగ్గా అర్ధరాత్రి పన్నెండుకి వచ్చింది. శనివారం పొద్దున్నించీ టెన్షన్‌తో ఉండుంటాడు, మేము కూడా ఇలాంటప్పుడు టికెట్లు వెతుక్కుంటూ, డబ్బులు పంపుకుంటూ, ఫోన్ చేతిలోంచి దించం. రాత్రికి ఒంట్లో శక్తి ఉండదు. మీకు వైజాగ్‌లో 11:30 నుంచి 5:10 దాకా అంటే పట్టపగలు, ఒక పూటంతా పట్టించుకోలేదు అనిపిస్తుంది. వాడికి అది నిద్రపోయే రాత్రి. మధ్యలో గడిచిన గంటలు రెండు ఫోన్లలో ఒకటే అయినా అవి ఎలాంటి గంటలన్నది స్క్రీన్‌షాట్‌లో కనిపించదు. మా అత్తగారూ నేనూ దీని మీదే చాలా కాలం మాటలు లేకుండా ఉన్నాం. ఆవిడ పొద్దున్న పూజ అయ్యాక తొమ్మిదింటికి మెసేజ్ పెడతారు, నాకు అప్పటికి రాత్రి పదకొండున్నర దాటుతుంది, పిల్లల్ని పడుకోబెట్టి నేనూ పడిపోతాను. నేను లేచి రిప్లై ఇచ్చేసరికి ఆవిడకి సాయంత్రం దీపం పెట్టే వేళ. రోజూ అదే. కోడలు రోజంతా తిప్పించుకుని ఇస్తుంది అని ఆవిడ చెల్లెలికి స్క్రీన్‌షాట్లు పంపారు.

రుషికొండ నైట్‌షిఫ్ట్

పెదవాల్తేరు అంకుల్‌కి రెండు విషయాలకీ విడివిడిగా చెప్తాను.

స్క్రీన్‌షాట్‌ని నమ్మాలా అంటే, ఒంటరిగా దేన్నీ నమ్మక్కర్లేదండి, ఫొటో అన్నాక మార్చొచ్చు. కానీ ఇక్కడ తమ్ముడి ఫోన్ అవసరమే లేదు. అక్క తన ఫోన్‌లో తను పంపిన మెసేజ్‌ని నొక్కి పట్టుకుని ఇన్ఫో చూస్తే, అది అవతలి ఫోన్‌కి ఎప్పుడు చేరిందో, ఎప్పుడు చదివారో రెండూ ఉంటాయి. అది అక్క ఫోన్‌లో ఉంటుంది కాబట్టి వైజాగ్ టైములోనే ఉంటుంది, తమ్ముడు అక్కడ ఏ సెట్టింగ్ మార్చినా ఇది మారదు. పెదనాన్నగారు ఆ ఫోన్ చేతిలోకి తీసుకుని చూసుకోవచ్చు, ఫొటోతో పనే లేదు. మనం పంపిన మెసేజ్‌లకే ఇన్ఫో ఉంటుంది, వచ్చినవాటికి ఉండదు. అలాగే ఎవరైనా రీడ్ రిసీట్స్ ఆపేసుకుంటే విడి చాట్‌లో చదివిన టైమ్ కనిపించదు, చేరిన టైమ్ ఒక్కటే ఉంటుంది. కంచరపాలెం తమ్ముడు చెప్పిన సలహా పాటించుంటే ఇప్పుడు చూపించడానికి అక్కకి ఆ ఆధారం కూడా ఉండేది కాదు. గ్రూప్‌లో పెట్టినవాటికి మాత్రం ఆపినా చదివినట్టు కనిపిస్తుంది.

రెండోదానికి, ఆ 5 గంటల 40 నిమిషాలు నిజమే అంకుల్, దాన్ని టైమ్ జోన్ మీదకి నెట్టలేం. వాడు పడుకోవడం తప్పా ఒప్పా అన్నది మీ పెద్దవాళ్ళు తేల్చుకోవాల్సింది, నేను చెప్పేది కాదు. పన్నెండున్నర గంటలు అన్నది, ఎవరో ఫొటో మార్చారన్నది, ఈ రెండూ మాత్రం జరగలేదు.

సీతమ్మధార అక్క

ఇన్ఫో చూశానండి ఇప్పుడే. శనివారం మెసేజ్ 9:20కి చేరింది, 9:26కి చదివాడు. చదివిన రెండు నిమిషాలకి రిప్లై. ఆదివారంది 11:30కి చేరింది, చదివింది 5:08కి. చేరింది కాబట్టి ఫోన్ ఆన్‌లోనే ఉంది, వాడు చూడలేదంతే.

పెదవాల్తేరు అంకుల్, ఇంకో మాట చెప్పాలి. శనివారం రాత్రి ఈసీజీ తీసి, మందులిచ్చి, ఇప్పటికి ప్రమాదం లేదు, పొద్దున్న యాంజియోగ్రామ్ చేస్తాం అన్నారు. నువ్వు కాసేపు పడుకోరా, ఏమైనా ఉంటే చెప్తాను అన్నది నేనే.

కంచరపాలెం కుర్రోడు

ఓహ్, నేను చెప్పింది ఇక్కడికి పనికిరాదన్నమాట. సరే గానీ నాకో డౌట్. అక్కావాళ్ళు చాట్ మొత్తం ఎక్స్‌పోర్ట్ చేసి ఇద్దరివీ పెదనాన్నకి పంపేస్తే? అందులో టైములన్నీ ఉంటాయి కదా, ఒక్కొక్క స్క్రీన్‌షాట్ తియ్యక్కర్లేదు.

రుషికొండ నైట్‌షిఫ్ట్

అది ఇంకా పెద్ద గొడవ తెస్తుంది తమ్ముడూ. ఎక్స్‌పోర్ట్ చేస్తే వచ్చే ఫైల్లో కూడా టైమ్ పక్కన ఊరు ఉండదు, ఏ ఫోన్‌లో చేస్తే ఆ ఫోన్ టైమే. పైగా తేదీ రాసే వరస కూడా మారిపోతుంది. అక్క ఆండ్రాయిడ్‌లో చేస్తే ఇలా వస్తుంది:

```
08/03/25, 9:20 pm - అక్క: నాన్నకి ఛాతీలో నొప్పి
08/03/25, 9:28 pm - తమ్ముడు: డాక్టర్ గారి నంబర్ ఇవ్వు
```

అమెరికా సెట్టింగ్స్ ఉన్న ఫోన్‌లో అవే రెండు లైన్లు ఇలా వస్తాయి:

```
3/8/25, 9:50 AM - అక్క: నాన్నకి ఛాతీలో నొప్పి
3/8/25, 9:58 AM - తమ్ముడు: డాక్టర్ గారి నంబర్ ఇవ్వు
```

రెండోది మనవాళ్ళు ఎవరు చదివినా ఆగస్టు 3 అనే చదువుతారు. గంటల గొడవ పోయి నెలల గొడవ వస్తుంది. పంపాల్సే వస్తే ఒక్క ఫోన్‌లోదే పంపాలి, ఏ ఊళ్ళో తీశామో మొదట్లోనే చేత్తో రాసి పంపాలి.

మధురవాడ నాన్న

మా అబ్బాయి ఫీనిక్స్‌లో ఉంటాడు, నాకెప్పుడూ ఈ గంట తేడా తగల్లేదు, ఎండాకాలం చలికాలం ఎప్పుడూ పన్నెండున్నర గంటలే. ఇదంతా చదివి వాణ్ణి అడిగితే, మా ఆరిజోనాలో గడియారాలు జరపరు నాన్నా అన్నాడు. అమెరికా అంతా ఒకటే అనుకోకూడదు, ఏ ఊరో చూసుకోవాలి. నవంబర్‌లో వెనక్కి జరిపినప్పుడు కూడా ఇలాగే అవుతుందా?

రుషికొండ నైట్‌షిఫ్ట్

అవుతుందండి, అది ఇంకా విచిత్రంగా ఉంటుంది. నవంబర్ మొదటి ఆదివారం రాత్రి రెండయ్యేసరికి మళ్ళీ ఒంటిగంట చేస్తారు, అంటే ఒకటి నుంచి రెండు దాకా ఆ గంట రెండుసార్లు వస్తుంది. 2025 నవంబర్ 2నే తీసుకోండి. మన మధ్యాహ్నం 12:20కి అక్క మెసేజ్ పెడితే డాలస్‌లో రాత్రి 1:50. తమ్ముడు ఇరవై నిమిషాలకి జవాబిస్తే వాడి ఫోన్‌లో 1:10 అని పడుతుంది. పైన ప్రశ్న 1:50, కింద జవాబు 1:10, ఒకే ఫొటోలో. చూసినవాళ్ళు ఎడిట్ చేశారనే అంటారు. వైజాగ్ ఫోన్‌లో చూస్తే 12:20, 12:40, శుభ్రంగా ఉంటుంది. లండన్ వైపు వాళ్ళకైతే ఆ రోజులు వేరు, మార్చి ఆఖరి ఆదివారం, అక్టోబర్ ఆఖరి ఆదివారం.

న్యూజెర్సీ కోడలు

సీతమ్మధార అక్కా, ఒక పనికొచ్చే మాట. తమ్ముడు ఫోన్ సైలెంట్‌లో కాకుండా డూ నాట్ డిస్టర్బ్‌లో పెట్టుకుని, మీ నంబర్‌ని అందులోంచి మినహాయించుకోమనండి, మీరు చేస్తే అర్ధరాత్రైనా మోగుతుంది. వాట్సాప్ కాల్ కాకుండా మామూలు కాల్ చెయ్యండి. మెసేజ్ పెట్టేటప్పుడు కూడా అర్జెంట్ విషయమైతే "ఇక్కడ ఆదివారం పగలు 11:30" అని మొదట్లోనే టైప్ చేసేయండి. తర్వాత ఎవరు స్క్రీన్‌షాట్ తీసినా, ఏ ఊళ్ళో తీసినా, ఆ లైను ఫొటోలోనే ఉంటుంది. మా అత్తగారికి ఇదే అలవాటు చేశాం.

సీతమ్మధార అక్క

అప్‌డేట్ అండి. నిన్న సాయంత్రం పెదనాన్న ఇంటికొచ్చారు, నాన్నని చూడ్డానికి. నా ఫోన్ ఆయన చేతికిచ్చి ఇన్ఫో చూపించాను, తమ్ముడికి వీడియో కాల్ చేసి ఆయన ఎదురుగానే వాడి ట్యాబ్‌లో జోన్ మార్పించాను, ఫోన్ కెమెరా ట్యాబ్ మీదకి పెట్టి చూపించాడు. 9:58 కాస్తా 9:28 అవ్వడం కళ్ళారా చూశారు. చాలాసేపు అటూ ఇటూ మార్పించి చూశారు. గ్రూప్‌లో పెట్టిన ఆ రెండు ఫొటోలు మాత్రం తీసేస్తానన్నారు. అవి పెట్టి చాలా రోజులైంది కదా, అందరికీ తీసేసే ఆప్షన్ రావట్లేదు, ఆయన ఫోన్‌లోంచే పోయాయి. మా అత్తల ఫోన్లలో అలాగే ఉన్నాయి. కింద ఆయన చేతే ఒక మెసేజ్ రాయించాను, మొదటి రిప్లై ఎనిమిది నిమిషాలకే వచ్చింది, వాడిది డాలస్ టైమ్ అని.

ఆదివారం సంగతి మాత్రం ఆయన ఒప్పుకోలేదు. అన్ని గంటలు నిద్రెలా పట్టింది అని వాణ్ణే అడిగారు. వాడేం మాట్లాడలేదు. అది వాళ్ళిద్దరూ మాట్లాడుకోవాల్సిందే, నేను మధ్యలోకి వెళ్ళను.

గాజువాక షిప్పు వాళ్ళావిడ

మంచి జరిగిందమ్మా. నైట్‌షిఫ్ట్ గారూ, మా ఆయనకి జోన్ మార్చుకోమని రాశాను, ఇంకా సముద్రం మీదే ఉన్నారు, ఒక్క టిక్కే ఉంది. షిప్పు టైమ్ అరగంట తేడాతో పెట్టినప్పుడు ఏ ఊరి జోన్ ఎంచుకోవాలో కూడా చెప్తారా? వాళ్ళు ఈసారి మన కోస్తా పక్కనుంచే వెళ్తున్నారు.

రుషికొండ నైట్‌షిఫ్ట్

మన కోస్తా పక్కనే ఉండి షిప్పు టైమ్ ఇండియా టైమే అయితే కోల్‌కతా పెట్టుకోమనండి. కాకపోతే వాళ్ళ బ్రిడ్జ్ మీద షిప్పు టైమ్ యూటీసీకి ఎన్ని గంటలు ముందుందో రాసి ఉంటుంది, ఆ అంకె అడిగి ఇక్కడ పెట్టండి, సరిపోయే ఊరు వెతికి చెప్తాను.